టీకా అపాయింట్‌మెంట్ తేదీ మార్చడం ఎలా: పశువైద్య క్లినిక్ కౌంటర్లో పనిచేసేవారి కోసం

కౌంటర్లో కొత్తగా చేరిన ప్రతివారూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "టీకాకు రావలసినవారు తేదీ మార్చమంటున్నారు. ఎన్ని రోజులు జరపవచ్చు?" దీనికి ఒకే అంకె చెప్పగలిగితే ఎంతో సులువుగా ఉండేది. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద కుక్కకు రెండు వారాలు జరిపినా పెద్దగా తేడా రాకపోవచ్చు. మూడు నెలల పిల్లకు అదే రెండు వారాలతో లెక్క మొత్తం మారిపోవచ్చు. అందుకే ఇక్కడ ముఖ్యంగా కుక్కపిల్లల వరుస టీకాల గురించే చెబుతాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. పిల్లుల గురించీ, పెద్ద కుక్కల గురించీ తేడా ఉన్నచోట మాత్రం ఒక మాట చెబుతాను.

ఫోను ఎత్తేముందు దగ్గర ఉండవలసినవి

- ఆ జంతువు రికార్డు: పుట్టిన తేదీ, చివరిసారి ఏ రోజున ఏ టీకా వేశారు, ఈసారి ఏది వేయాలి.
- తారీఖులు కనబడే కేలండరు. వారాలు మనసులో లెక్కపెట్టవద్దు.
- డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో, ఆ టీకా ఫ్రిజ్‌లో ఉందో లేదో.
- యజమాని ఫోను నంబరుతో పాటు, జంతువును నిజంగా తీసుకొచ్చేవారి నంబరు. ఈ ఇద్దరూ చాలాసార్లు వేరువేరు మనుషులు.

1. ఎందుకు మారుస్తున్నారో ముందు అడగండి

"సరే, ఏ రోజు కావాలి?" అని వెంటనే అడిగేయడం కౌంటర్లో అందరికీ ఉన్న అలవాటు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. ముందు కారణం అడగండి. యజమాని ఊరు వెళ్తున్నారంటే అది కేలండరు సంగతి. "రెండు రోజులుగా సరిగా తినడం లేదు, తగ్గాక తీసుకొస్తాను" అంటే అది తేదీ మార్పు కాదు, వైద్య పరీక్ష అవసరమైన జంతువు. టీకా అపాయింట్‌మెంట్‌ను రద్దు చేయకుండా, పరీక్ష అపాయింట్‌మెంట్‌గా మార్చి అదే రోజుకో అంతకంటే ముందుకో పెట్టండి. టీకా వేయాలా వద్దా అనేది చూశాక డాక్టరు చెబుతారు.

టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులు, నీళ్ల విరేచనాలు, అందులోనూ రక్తం పడుతోందని చెబితే ఇక ఏ తేదీ గురించీ మాట్లాడవద్దు. అది పార్వో కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి. యజమానితో ఇలా అనండి: "ఇప్పుడే తీసుకురండి. కానీ లోపలికి రాకుండా బయటే ఉండి నాకు ఫోను చేయండి, మేమే వచ్చి తీసుకెళ్తాము." పార్వో వైరస్ నేల మీద, చెప్పుల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. ఆ పిల్ల వేచి ఉండే గదిలో పది నిమిషాలు కూర్చుంటే, టీకాకు వచ్చిన మిగతా పిల్లలన్నిటికీ ప్రమాదం.

గర్భంతో ఉందన్నా, ఈమధ్య స్టెరాయిడ్ మందులు వాడుతోందన్నా అది కూడా డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

2. రెండు హద్దులు లెక్కపెట్టండి

మనం కొత్త తేదీ ఇవ్వగలిగేది ఒక గడువు లోపల. దానికి ఎడమవైపు ఒక హద్దు, కుడివైపు ఒక హద్దు ఉంటాయి.

ఎడమ హద్దు, అంటే ఇంతకంటే ముందు వేయకూడని రోజు. టీకాకూ టీకాకూ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. పిల్లల వరుసలో సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ఎడం పాటిస్తారు. దీనికి తోడు ఇంకొక నియమం ఉంది, అందరూ మరిచిపోయేది దాన్నే: డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకా వరుసలో చివరి డోసు పిల్లకు 16 వారాల వయసు నిండాక పడాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను అది అడ్డుకుంటుంది. ఏ పిల్లలో అది ఎప్పుడు తగ్గుతుందో బయటికి కనబడదు. 16 వారాలకు దాదాపు అన్ని పిల్లల్లోనూ తగ్గిపోతుంది కనుక అక్కడ గీత గీశారు. రేబీస్ టీకాను మామూలుగా 12 వారాల కంటే ముందు వేయరు.

కుడి హద్దు, అంటే ఇది దాటితే వరుస మళ్లీ మొదలుపెట్టవలసి రావచ్చు. ఇది ముఖ్యంగా లెప్టోస్పైరోసిస్ టీకాకు వర్తిస్తుంది. అది చంపిన క్రిములతో చేసిన టీకా. మొదటిసారి వేసేటప్పుడు రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు పడితేనే పనిచేస్తుంది. రెండింటి మధ్య ఆరు వారాలు దాటిపోతే, చాలామంది డాక్టర్లు మొదటి డోసు లెక్కలోకి రాదని చెప్పి మళ్లీ మొదలుపెడతారు. పిల్లికూనలకు లుకేమియా వైరస్ టీకా కూడా ఇలాంటి రెండు డోసుల వ్యవహారమే, అక్కడ ఎడం మూడు నాలుగు వారాలు.

ఈ అంకెలు మీరు తేదీ వెతకడానికి, యజమానికి హామీలు ఇవ్వడానికి కాదు. మీ క్లినిక్ వాడే టీకా సీసా మీద, డాక్టరు పెట్టిన పట్టికలో వేరుగా ఉంటే అదే పాటించండి. హద్దు దాటే ప్రతి తేదీనీ డాక్టరుకు చూపించి అడగండి.

3. ఒక పిల్ల లెక్క మొత్తం చూద్దాం

పిల్ల మార్చి 1న పుట్టింది. మొదటి టీకా ఏప్రిల్ 26న, సరిగ్గా 8 వారాలకు. రెండోది మే 24న, 12 వారాలకు. ఆ రోజే లెప్టో మొదటి డోసు కూడా పడింది. మూడో రాకకు జూన్ 21 ఇచ్చారు, అది 16 వారాలు నిండే రోజు. ఆ రోజు పార్వో వరుసలో చివరి డోసు, లెప్టో రెండో డోసు వేయాలి.

యజమాని ఫోను చేశారు. జూన్ 20న ఊరు వెళ్తున్నారు, తిరిగి వచ్చేది జూలై 7 రాత్రి. "వెళ్లేముందే వేయించుకుంటాను, జూన్ 10న రమ్మంటారా?" అని అడిగారు.

కౌంటర్లో ఉన్నవారు ముందు ఎడం చూశారు. మే 24 నుంచి జూన్ 10కి 17 రోజులు. రెండు వారాలు దాటాయి కదా, ఇవ్వవచ్చు అనిపిస్తుంది. కానీ ఆ రోజుకు పిల్ల వయసు 14 వారాల 3 రోజులు. ఆ రోజు వేసింది చివరి డోసుగా లెక్కకు రాదు. రికార్డులో "వరుస పూర్తయింది" అని పడిపోతే, రక్షణ లేని పిల్ల ఏడాది పాటు రక్షణ ఉన్నట్టుగా తిరుగుతుంది. ముందుకు జరపడం ఎప్పుడూ మంచిదేనని అనుకుంటాం. పిల్లల విషయంలో మాత్రం తేదీ ముందుకు తెచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

మరి తిరిగి వచ్చాక, జూలై 8న? పార్వో డోసుకు అడ్డు లేదు, పిల్లకు 16 వారాలు దాటి చాలా రోజులవుతుంది. కానీ లెప్టో మొదటి డోసు నుంచి ఆరు వారాలు జూలై 5తో నిండుతాయి. జూలై 8 అంటే 45వ రోజు. కుడి హద్దు దాటింది.

ఇలా రెండు వైపులా దారి మూసుకున్నప్పుడు తేదీ వెతకడం ఆపి ఇంకొక ప్రశ్న అడగాలి: "మీరు ఊళ్లో లేనప్పుడు పిల్ల ఎక్కడ ఉంటుందండి?" ఈ యజమాని చెప్పిన జవాబు, కుక్కలను ఉంచుకునే వసతి గృహంలో వదిలి వెళ్తున్నామని. అంటే టీకా పూర్తికాని పిల్ల పద్దెనిమిది రోజులు తెలియని కుక్కల మధ్య ఉండబోతోంది. ఈ సంగతి తెలియకుండా జూలై తేదీ ఇచ్చి ఉంటే, మన రికార్డు చక్కగా ఉండేది, పిల్ల మాత్రం ప్రమాదంలో ఉండేది.

కౌంటర్లో ఉన్నవారు ఫోను పెట్టకుండా ఉండమని చెప్పి డాక్టరును అడిగారు. డాక్టరు జూన్ 19న రమ్మన్నారు. లెప్టో రెండో డోసు ఆ రోజు పడుతుంది, 26 రోజుల ఎడం సరిపోతుంది. పార్వో డోసు కూడా ఆ రోజే వేస్తారు, కానీ 16 వారాలకు రెండు రోజులు తక్కువ కనుక దాన్ని చివరిదిగా లెక్కించకుండా, తిరిగి వచ్చాక జూలై 10న ఇంకొకటి వేస్తారు. వీలైతే పిల్లను వసతి గృహంలో కాకుండా తెలిసినవారి ఇంట్లో, టీకాలు పూర్తయిన కుక్క ఉన్నచోటో, కుక్కలే లేనిచోటో ఉంచమని కూడా చెప్పారు. ఒక రాక రెండయింది. యజమానికి ఎందుకో వివరంగా చెబితే ఒప్పుకున్నారు. "డాక్టరుగారు ఇలా చెప్పారు" అని మాత్రమే అంటే చాలామంది ఆ రెండో రాకను ఎగ్గొడతారు.

4. రోజు సరే, సమయం కూడా చూడండి

టీకా వికటించడం అరుదు. వికటిస్తే మాత్రం ఎక్కువగా మొదటి నిమిషాల్లో, తొలి కొన్ని గంటల్లో తెలుస్తుంది: మూతి, కళ్ల చుట్టూ వాపు, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఊపిరి అందకపోవడం. అందుకే మూసే వేళకు ముందు అరగంటలో, సెలవుకు ముందురోజు సాయంత్రం టీకా పెట్టవద్దు. మునుపు ఎప్పుడైనా టీకా వికటించిందని రికార్డులో ఉంటే, పొద్దున మొదటి సమయం ఇవ్వండి. టీకా తర్వాత పదిహేను నిమిషాల నుంచి అరగంట క్లినిక్‌లోనే ఉండాలని ఫోనులోనే చెప్పండి. ఆ మాట వచ్చాక చెబితే, బయట బండి ఆగి ఉందనో పని ఉందనో వెళ్లిపోతారు.

5. పాత తేదీని పూర్తిగా తీసేయండి

కొత్త తేదీ రాయడం అందరూ చేస్తారు, పాతది తీసేయడం మరిచిపోతారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ పాత తేదీకి గుర్తుచేసే సందేశం పంపుతుంది. రెండు సందేశాలు చూసిన యజమాని తనకు నచ్చినది నమ్ముతారు. అలాగే తర్వాతి టీకా గడువులు కూడా పాత తేదీ నుంచి లెక్కకట్టి ఉంటాయి. వాటిని ఇప్పుడే మార్చవద్దు. టీకా నిజంగా పడిన రోజున, ఆ రోజు నుంచే లెక్కపెట్టాలి. మార్చినట్టు, ఎందుకు మార్చారో, డాక్టరు ఏమన్నారో ఒక్క వరుసలో రికార్డులో రాయండి. పై ఉదాహరణలో "జూన్ 19 డోసు చివరిది కాదు, జూలై 10న ఇంకొకటి" అన్న వరుస లేకపోతే, ఆ రోజు కౌంటర్లో వేరేవారు ఉన్నప్పుడు జూలై 10 అపాయింట్‌మెంట్ పొరపాటున పడిందనుకుని కొట్టేసే ప్రమాదం ఉంది.

6. ఏం తేవాలో చెప్పండి, ఆ రోజుకు కావలసినవే చెప్పండి

పది వస్తువుల జాబితా చదివితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఫోనులో మూడు చెప్పండి, మిగతావి సందేశంలో రాయండి. ఎప్పుడూ చెప్పవలసిన మూడు ఇవి.

టీకా పుస్తకం. వేరే క్లినిక్‌లో వేయించిన టీకాలు మన కంప్యూటర్లో ఉండవు. పుస్తకంలో టీకా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం ఉంటేనే అది లెక్క. "అన్నీ వేయించాము" అన్న మాట మీద డాక్టరు వరుసను కొనసాగించలేరు. పుస్తకం పోయిందంటే పాత క్లినిక్‌కు ఫోను చేసి వివరాలు పంపించమని ఇప్పుడే అడగమనండి, వచ్చిన రోజు కాదు.

పట్టుకొచ్చే ఏర్పాటు. కుక్కకు సరిపోయే పట్టీ, తాడు. పెద్దలు తీసుకురావాలి, చిన్నపిల్లల చేతికి ఇచ్చి పంపవద్దు. టీకాలు పూర్తికాని పిల్లను చేతుల్లోనో బుట్టలోనో తేవాలి, క్లినిక్ నేల మీద దించకూడదు. పిల్లిని మూత గట్టిగా పడే పెట్టెలోనే తేవాలి. ఆ పెట్టెను రెండు మూడు రోజుల ముందే ఇంట్లో తెరిచి పెట్టి, లోపల అది పడుకునే గుడ్డ వేసి ఉంచమని చెప్పండి. బయలుదేరే ముందు నిమిషంలో పెట్టె కనబడితే పిల్లి మంచం కిందికి దూరుతుంది, ఆ రాక అక్కడితో రద్దు.

వాడుతున్న మందుల పేర్లు. రాసుకోవడం కంటే సీసా, అట్ట ఫోటో తీసి తెమ్మనడం మంచిది. నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారో కూడా అందులోనే.

డాక్టరు మలపరీక్ష చేయాలన్నప్పుడు మాత్రం నాలుగోది: ఆ పొద్దుటి మలం, శుభ్రమైన మూత డబ్బాలో చిన్న ఉసిరికాయంత. వెంటనే తేలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి అదే రోజు తేవాలి. మట్టి, ఇసుక అంటినది పనికిరాదు. అడగనప్పుడు దీని గురించి చెప్పవద్దు, అనవసరంగా డబ్బాలు పట్టుకొస్తారు.

జంతువును తీసుకొచ్చే మనిషి గురించి కూడా ఒక మాట. యజమాని రాకుండా ఇంట్లో ఇంకొకరిని పంపిస్తే, ఆ వచ్చినవారికి జంతువు ఆరోగ్యం గురించి తెలిసి ఉండాలి, అంగీకార పత్రం మీద సంతకం చేయడానికి యజమాని అనుమతి ఉండాలి. డాక్టరు "నిన్న తిన్నదా?" అని అడిగితే "నాకు తెలియదు" అనేవారు వస్తే టీకా వేయడమే కష్టం.

ఖాళీ కడుపుతో తేవాలా అని చాలామంది అడుగుతారు. టీకాకు అవసరం లేదు. ప్రయాణంలో వాంతి చేసుకునే కుక్క అయితే కొద్దిగా పెట్టి తెస్తే చాలు.

7. సందేశం పంపండి, తిరిగి చెప్పించుకోండి

ఫోను పెట్టేముందు "ఒకసారి తేదీ, సమయం మీరు చెప్పండి" అని అడగండి. మనం చెప్పింది వారు విన్నదీ ఒకటో కాదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత వెంటనే ఇలా పంపండి:

> నమస్కారం. మీ కుక్కపిల్ల టీకా జూన్ 21 నుంచి జూన్ 19, ఉదయం 10 గంటలకు మారింది. జూన్ 21 అపాయింట్‌మెంట్ ఇక లేదు. టీకా పుస్తకం, మందుల ఫోటోలు తేగలరు. పిల్లను చేతుల్లో లేదా బుట్టలో తీసుకురండి. టీకా తర్వాత అరగంట ఉండాలి. తర్వాతి డోసు జూలై 10. పిల్ల నలతగా ఉంటే బయలుదేరే ముందు ఫోను చేయండి.

పాత తేదీ లేదని స్పష్టంగా రాయడం ముఖ్యం. వారం పేరు కూడా వేస్తే ఇంకా మంచిది, కానీ కేలండరు చూసి వేయండి. తేదీ ఒకటి, వారం ఒకటి పడితే యజమాని వారాన్నే నమ్ముతారు. రాకకు ముందురోజు ఇదే సందేశాన్ని మళ్లీ పంపండి.

తరచుగా జరిగే పొరపాట్లు

పెద్ద కుక్క రేబీస్ టీకాను ఇతర వార్షిక టీకాల్లాగే వారం పది రోజులు జరిపేయడం. ఆ టీకాకు ధ్రువపత్రం మీద చెల్లే తేదీ ఉంటుంది. అది దాటితే కుక్కకు రక్షణ పోయిందా లేదా అన్నది వేరే సంగతి, కాగితం మాత్రం చెల్లదు. ప్రయాణానికి ఇది పెద్ద చిక్కు. ఐరోపా సమాఖ్య దేశాలకు తీసుకెళ్లే జంతువుకు మైక్రోచిప్ ముందు పడాలి, రేబీస్ టీకా ఆ తర్వాత పడాలి, మొదటి టీకా అయితే ఆపైన 21 రోజులు గడవాలి. మధ్యలో టీకా చెల్లుబాటు తెగిపోతే తర్వాత వేసింది మళ్లీ మొదటి టీకాగానే లెక్కిస్తారు. కాబట్టి పెద్ద కుక్క తేదీ మార్చేటప్పుడు "విదేశీ ప్రయాణం ఏమైనా ఉందా?" అని అడగండి.

ఒకే ఇంట్లో రెండు జంతువులుంటే ఒకదాని తేదీ మార్చి రెండోదాన్ని వదిలేయడం. యజమాని దృష్టిలో రెండూ ఒకే రాక. అలాగని రెండింటినీ కలిపి జరపవద్దు, దేని హద్దు దానిదే లెక్కపెట్టండి.

తేదీ ఇచ్చి టీకా ఫ్రిజ్‌లో ఉందో లేదో చూడకపోవడం. ఊరి చివర నుంచి పిల్లను పెట్టెలో పెట్టుకుని వచ్చినవారిని "సరుకు రాలేదు" అని తిప్పి పంపడం కంటే బాధాకరం ఇంకొకటి లేదు.

సరిగా చేశామో లేదో ఎలా తెలుస్తుంది

మార్చిన వెంటనే రికార్డు మళ్లీ తెరిచి చూడండి. ఆ జంతువు పేరుతో రాబోయే రోజుల్లో మీరు ఇచ్చిన అపాయింట్‌మెంట్లే ఉండాలి, పాతది ఒక్కటి కూడా ఉండకూడదు. కొత్త తేదీ నుంచి వెనక్కి చివరి డోసు దాకా రోజులు మరోసారి లెక్కపెట్టండి, ఆ రోజుకు వయసు ఎన్ని వారాలో చూడండి. యజమాని నుంచి "సరే" అని జవాబు రాకపోతే మరునాడు ఫోను చేయండి.

వారు రావలసిన రోజు సాయంత్రం, మార్చిన అపాయింట్‌మెంట్ల జాబితా తీసి ఎవరు వచ్చారో, ఎవరు పుస్తకం లేకుండా వచ్చారో టిక్కు పెట్టండి. రానివారికి ఆ సాయంత్రమే ఫోను చేయండి. లెప్టో రెండో డోసు ఉన్న పిల్లల పేర్లు ఆ జాబితాలో అన్నిటికంటే పైన ఉండాలి, వాటి కుడి హద్దు ఇంకెన్ని రోజులుందో పక్కనే రాసి పెట్టండి.